చింతపండు సంఘానికి ప్లాన్ రాయడం: ఆడవాళ్ల ఆదాయం, సంఘం మిగులు ఒకే లెక్కలో

హిందూపురం మార్కెట్ యార్డు చుట్టుపక్కల పల్లెల్లో ఎండలు ముదిరే వేళకి ఏ అరుగు మీద చూసినా చింతపండే. మగవాళ్లు చెట్టు దులిపి కాయ తెస్తారు. ఆడవాళ్లు పెంకు తీసి, ఈనెలు లాగి, బండ మీద పెట్టి సుత్తితో కొట్టి గింజ తీస్తారు. కాయ వ్యాపారిది, కూలి కిలో లెక్కన. ఈ పనిని ఆడవాళ్ల సంఘమే సొంతంగా చేస్తే బాగుంటుందని చాలామంది అనుకుంటారు, ప్లాన్లు కూడా రాస్తారు. బ్యాంకుకో, దాతకో ఇవ్వడానికి రాసిన అలాంటి ప్లాన్లు నేను చాలా చదివాను, కొన్ని నేనే రాశాను. వాటిలో ఎక్కువ ప్లాన్లకు ఒకటే జబ్బు. ముందు సగం వ్యాపారం లెక్క, వెనక సగం ‘ఇంపాక్ట్’ అని ఎంతమంది మహిళలు, ఎన్ని పనిదినాలు అన్న జాబితా. ఈ రెండు సగాలకూ మధ్య ఒక్క అంకె కూడా అటూ ఇటూ నడవదు. కూలి 4 రూపాయలు పెంచితే సంఘానికి ఏమవుతుందో మొదటి సగం చెప్పదు. సంఘం మిగులు పెరిగితే అది ఎవరి జేబులోంచి వచ్చిందో రెండో సగం చెప్పదు.

రెండిటినీ ఒకే లెక్కలో పెట్టడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఉదాహరణకు 40 మంది మహిళలు, సీజన్‌కు 400 క్వింటాళ్ల కాయ, అంటే 40 టన్నులు తీసుకుందాం. ధరలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి. చింతపండు ధర ఏటికేడు, రకానికి రకం మారుతుంది. హిందూపురంలోనే కరిపులి, ఫ్లవర్ అనే రెండు రకాల మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది. కాబట్టి పద్ధతి తీసుకుని, అంకెలు మాత్రం మీ మార్కెట్‌వి వేసుకోండి.

1. కాయ కొనక ముందే నిరుటి సీజన్ రాసుకోండి

ఇంపాక్ట్ కొలవాలంటే మీరు లేనప్పుడు ఏం జరిగేదో తెలియాలి. పని మొదలయ్యాక అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, పైగా మిమ్మల్ని మెప్పించే జవాబు వస్తుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లోనే 40 మంది దగ్గరా కూర్చోండి. ‘మీ ఆదాయం ఎంత’ అని అడగకండి, ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. నిరుడు వ్యాపారి కిలోకి ఎంత ఇచ్చాడు, రోజుకు ఎన్ని కిలోలు కొట్టావు, ఎన్ని రోజులు పని దొరికింది, డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది, ముందే అడ్వాన్స్ తీసుకున్నావా, ఆ మూడు నెలల్లో ఇంకే పనికి వెళ్లావు. ఈ ఆరు ప్రశ్నలు చాలు. శివరాత్రికి ముందా తర్వాతా, ఉగాదికి డబ్బు వచ్చిందా రాలేదా అని పండగలతో కలిపి అడిగితే తేదీలు బాగా గుర్తొస్తాయి.

మన ఉదాహరణలో జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. వ్యాపారి కిలో పండుకు 14 రూపాయలు ఇచ్చాడు. ఒక్కొక్కరు రోజుకు సుమారు 15 కిలోలు కొట్టారు. 25 రోజులు పని దొరికింది. అంటే సీజన్ మొత్తానికి 375 కిలోలు, 5,250 రూపాయలు. ఇది కాక మరో 8 రోజులు ఉపాధి హామీ పనికి వెళ్లారు, కొలత పోను రోజుకు 250 చొప్పున 2,000 చేతికొచ్చింది. ఈ రెండు అంకెలనూ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. ప్లాన్‌లో మీరు చెప్పబోయే ప్రతి గొప్ప మాటనూ వీటి పక్కన పెట్టి చూడాలి.

పక్క ఊళ్లో మీ సంఘంలో చేరని ఎనిమిది, పది మందినీ ఇవే ప్రశ్నలు అడిగి ఉంచండి. ఎందుకో తర్వాత చెబుతాను.

2. ఒక్క క్వింటా కాయ మీద లెక్క వేయండి

మొత్తం వ్యాపారం లెక్క పెద్దగా కనిపించి భయపెడుతుంది. ఒక్క క్వింటా కాయ లోపలికొచ్చి బయటికెళ్లేదాకా ఏమవుతుందో చూస్తే కథంతా అందులోనే ఉంటుంది.

ఎండిన చింతకాయలో గుజ్జు దాదాపు 55 శాతం, గింజ మూడో వంతు, మిగిలింది పెంకు, ఈనెలు. పుస్తకంలో 55 ఉన్నా, ఆరడంలో తగ్గేది, గింజకు అంటుకుపోయేది, ఏరి పారేసేది తీసేస్తే ప్లాన్‌లో 50 కిలోలకు మించి పండు చూపించకండి. గింజలు 33 కిలోలు. వీటికీ గిరాకీ ఉంది, పొడి చేసి బట్టల మిల్లుల్లో గంజిగా వాడతారు.

క్వింటాకు రాబడి: పండు 50 కిలోలు 130 చొప్పున 6,500, గింజలు 12 చొప్పున సుమారు 400. మొత్తం 6,900.

ఖర్చు: కాయ కిలో 40 చొప్పున 4,000. గింజ తీసినందుకు కిలో పండుకు 20 చొప్పున 1,000. గోతాలు, రవాణా 200. కోల్డ్ స్టోరేజీ 150. వడ్డీ 260. దాచినప్పుడు తూకంలో పోయేది 130. మొత్తం 5,740.

మిగిలేది 1,160. ఇది లాభం కాదు. మేనేజర్ జీతం, షెడ్డు అద్దె, లెక్కల ఖర్చు అన్నీ దీనిలోంచే రావాలి.

ఈ లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది 50 కిలోల మాట నిజమేనా అన్నది. అది 47కు పడిందనుకోండి. మూడు కిలోల పండు అమ్మకం పోతుంది, వాటి కూలి, గోతం లాంటివి మాత్రం కొంత మిగులుతాయి. చివరికి క్వింటాకు దాదాపు 300 రూపాయలు పోతుంది, 400 క్వింటాళ్లకు 1,20,000. కాసేపట్లో చూస్తారు, సంఘం ఏడాది మిగులు దాదాపు అంతే. ధర పడిపోయి మూతపడిన యూనిట్లకంటే, సరిగ్గా ఆరని పచ్చి కాయ కొని మూతపడినవే నేను ఎక్కువ చూశాను.

కాబట్టి కొనేటప్పుడు ప్రతి లాట్ నుంచి పది కిలోలు తీసి అక్కడే పెంకు కొట్టించండి. బాగా ఆరిన కాయలో గుజ్జు పెంకును వదిలి లోపలికి ముడుచుకుంటుంది, చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది, పెంకు పట్టుకోగానే చిట్లుతుంది. పెంకు మెత్తగా ఒంగి, గుజ్జుతో పాటు ఊడొస్తుంటే అందులో నీళ్లకు కూడా మీరు 40 రూపాయలు పెడుతున్నారు. ఆ పది కిలోలకు గింజ తీసి పండు తూచండి. ఐదు కిలోలు రాకపోతే ధర తగ్గించమనాలి, లేదా వదిలేయాలి. అరగంట పని. సీజన్ ఊపులో, లారీ రోడ్డు మీద ఆగి ఉంటే, ఈ అరగంటే చేయరు.

3. ఏడాది ఖర్చు వేసి, ఎక్కడ సున్నా అవుతుందో చూడండి

కాయ కొన్నా కొనకపోయినా అయ్యే ఖర్చు ఇది. మేనేజర్‌కు నెలకు 15,000 చొప్పున 1,80,000. షెడ్డు అద్దె 48,000. లైసెన్సు, అకౌంట్లు, ఆడిట్ 40,000. కరెంటు, రిపేర్లు 22,000. తూకం యంత్రం, ప్రెస్, ట్రేలు లాంటి 4 లక్షల సామాన్ల అరుగుదల ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 50,000. మొత్తం 3,40,000.

దీన్ని 1,160తో భాగిస్తే 293 క్వింటాళ్లు. అంటే అంతకంటే తక్కువ కాయ ఆడిస్తే సంఘం నష్టపోతుంది. 400 ఆడిస్తే 4,64,000 వచ్చి, ఖర్చు పోను 1,24,000 మిగులుతుంది.

ఇప్పుడు ఈ మిగులును కిలో పండు మీదకు దించండి. 400 క్వింటాళ్ల కాయకు 20,000 కిలోల పండు. కిలోకి 6 రూపాయల 20 పైసలు.

నా ఉద్దేశంలో మొత్తం ప్లాన్‌లో ముఖ్యమైన అంకె ఇదే. ధర 6 రూపాయల 20 పైసలు పడితే సంఘం సున్నాకు వస్తుంది. కూలి అంతే పెంచినా సున్నాకు వస్తుంది. చెట్టున్న రైతుకు కిలో కాయకు 3 రూపాయల 10 పైసలు ఎక్కువిచ్చినా సున్నాయే, ఎందుకంటే రెండు కిలోల కాయకు ఒక కిలో పండు వస్తుంది కాబట్టి కాయ మీద రూపాయి అంటే పండు మీద రెండు రూపాయలు. మహిళల కూలి, రైతు ధర, సంఘం భద్రత అని ప్లాన్‌లో మూడు వేర్వేరు అధ్యాయాలుగా రాసేవన్నీ నిజానికి ఈ 6 రూపాయల 20 పైసల్లో వాటాలే.

4. ఒక్కో మహిళకు ఎంత అదనంగా వచ్చిందో నికరంగా తేల్చండి

సంఘంలో ఒక్కొక్కరు సగటున 500 కిలోలు కొడతారు. కిలోకి 20 చొప్పున 10,000. ప్లాన్లలో సాధారణంగా ఈ అంకె దగ్గరే ఆగిపోతారు: ‘40 మందికి తలా పదివేల ఆదాయం, 1,333 పనిదినాలు సృష్టించాం.’

నేను కూడా ఒకసారి ఇలాగే రాసి, సమావేశంలో గట్టిగా చదివి వినిపించాను. వెనక వరసలో కూర్చున్న ఒకామె చేతివేళ్లకు గుడ్డ చుట్టుకుని ఉంది. పులుపుకు వేలి కొసలు పగిలిపోతాయి, ఆ పగుళ్లలో మళ్లీ పులుసు దిగుతుంది, సీజన్ అయ్యేదాకా మానవు. ఆమె లేచి, “పదివేలొచ్చిందని రాసుకున్నారు గదా సార్. ఈ పనికొచ్చి ఉపాధి పనికి పోలేదే. ఆ దుడ్డు ఎవురు రాస్తారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం కాగితం మళ్లీ మొదట్నుంచి రాశాను.

ఆమె చెప్పినట్టే తీసేద్దాం. పదివేలలోంచి వ్యాపారి దగ్గర ఎలాగూ వచ్చే 5,250 పోవాలి. వదులుకున్న ఉపాధి పని 2,000 పోవాలి. మిగిలేది 2,750. పనిదినాలూ చూడండి. ముందు 25 రోజులు వ్యాపారి పని, 8 రోజులు ఉపాధి పని, మొత్తం 33. ఇప్పుడు సంఘంలో 500 కిలోలు కొట్టడానికి పట్టేదీ 33 రోజులే. అంటే ఈ సంఘం కొత్తగా ఒక్క పనిదినం కూడా సృష్టించలేదు. ఆ రోజుకు వచ్చే డబ్బును మాత్రం పెంచింది. ఇది తక్కువ మాటేమీ కాదు. అయితే ప్లాన్‌లో రాయాల్సింది ‘పనిదినాల సృష్టి’ కాదు, ‘అదే 33 రోజుల కష్టానికి 7,250 బదులు 10,000’. ఇలా రాస్తే బ్యాంకు మేనేజర్ అయినా, దాత అయినా, ఆ ఊరి మనిషి అయినా అడ్డు ప్రశ్న వేయలేరు.

ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టవచ్చు. మిగతావన్నీ అలాగే ఉంచి, కిలో పండుకు ఇచ్చే కూలి ఒక్కటే మార్చి చూద్దాం.

| కిలోకి కూలి (రూ.) | ఒక్కొక్కరికి సీజన్ కూలి | అందులో నికర అదనం | సంఘం మిగులు |
|---|---|---|---|
| 20 | 10,000 | 2,750 | 1,24,000 |
| 24 | 12,000 | 4,750 | 44,000 |
| 26 | 13,000 | 5,750 | 4,000 |
| 28 | 14,000 | 6,750 | 36,000 నష్టం |

ప్లాన్‌లో ఈ పట్టిక తప్పకుండా ఉండాలి. ఒక వరస నుంచి ఇంకో వరసకు మారితే ఎవరికి ఎంత వస్తుందో, ఎవరి నుంచి ఎంత పోతుందో ఒక్క చూపులో తెలుస్తుంది. 26 దాటితే సంఘం బతకదు, 20 దగ్గరే ఉంచితే మహిళలకు మిగిలేది తక్కువ. ఎక్కడ ఉండాలన్నది కన్సల్టెంట్ తేల్చే విషయం కాదు, ఈ పట్టిక గోడకు అంటించి సంఘమే కూర్చుని తేల్చుకోవాలి.

5. కూలి రెండు ముక్కలుగా ఇవ్వండి

కూలి 24 ఇద్దామని అందరికీ ఉంటుంది. కానీ మార్చిలో 24 ఇచ్చేస్తే, అక్టోబరులో ధర పడినప్పుడు వెనక్కి తీసుకోలేం. పట్టికలో 24 దగ్గర మిగులు 44,000, అంటే కిలోకి 2 రూపాయల 20 పైసలే. అంతకంటే ఎక్కువ ధర పడితే నష్టమే.

అందుకే సీజన్‌లో 20 ఇచ్చి, సరుకంతా అమ్ముడుపోయాక నవంబరులో 4 రూపాయల దాకా బోనస్ ఇవ్వడం మంచిది. వ్యాపారి ఇచ్చే 14 కంటే 20 ఎలాగూ ఎక్కువే కాబట్టి మహిళలు వెంటనే నష్టపోయేది లేదు. ధర నిలిస్తే 80,000 బోనస్‌గా వెళ్తుంది, 44,000 సంఘం నిల్వలో ఉంటుంది. ధర పడితే బోనస్ తగ్గుతుంది, సంఘం మాత్రం నిలబడుతుంది. బోనస్ ఎవరు ఎంత షేరు కట్టారన్న దాన్ని బట్టి కాకుండా, ఎవరు ఎన్ని కిలోలు కొట్టారన్న దాన్ని బట్టి పంచాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమైనా, ప్రొడ్యూసర్ కంపెనీ అయినా ఇలా చేయవచ్చు. సెక్షన్ 8 కంపెనీగా పెడితే లాభాన్ని సభ్యులకు పంచే వీలుండదు. నమోదుకు ముందే ఈ సంగతి తేల్చుకోండి, తర్వాత మార్చుకోవడం చాలా తలనొప్పి.

6. నెలవారీ నగదు చూడండి, అసలు టెన్షన్ ఇక్కడే

ఏడాది లెక్కలో 1,24,000 మిగిలిన సంఘం కూడా ఏప్రిల్ 15న డబ్బు లేక ఆగిపోవచ్చు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కాయకు 16 లక్షలు, కూలికి 4 లక్షలు, గోతాలు రవాణాకు 80 వేలు, మూడు నెలల జీతం, అద్దె, లెక్కలు, కరెంటు లాంటి వాటికి 70 వేల పైచిలుకు. మొత్తం 21 లక్షల 50 వేలు బయటికి పోతుంది. ఆ మూడు నెలల్లో వచ్చేది? 6 టన్నుల పండు 120 చొప్పున అమ్మితే 7 లక్షల 20 వేలు, గింజల మీద 1 లక్షా 58 వేలు. ఇంకా దాదాపు 12 లక్షల 70 వేలు కావాలి.

మిగతా 14 టన్నులు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఎండాకాలం పోయాక 134 దాకా అమ్ముతాం అన్నది ప్లాన్. అప్పుడే సగటు 130 పడుతుంది. బయట ఉంచితే పండు నల్లబడి మెత్తబడుతుంది, రంగు పోయిన పండుకు ధర పోతుంది, అందుకే కోల్డ్ స్టోరేజీ. ఇలా దాచాలంటే ఆ 12 లక్షల 70 వేల అప్పు సుమారు ఎనిమిది నెలలు మోయాలి. బ్యాంకు లింకేజీ మీద రూపాయి వడ్డీకి దొరికితే లక్ష పైచిలుకు, మన క్వింటా లెక్కలో వేసుకున్న 260 అదే. బ్యాంకు ఆలస్యం చేసిందని బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఇంకో లక్ష పోయి, మిగులు 1,24,000 నుంచి 20 వేలకు పడిపోతుంది. అందుకే అప్పు మంజూరు కాగితం చేతికి రాకుండా 400 క్వింటాళ్ల ప్లాన్ మొదలుపెట్టవద్దు. సగం అప్పే వస్తే సగమే కొనండి అనడం తేలిక, కానీ 293 గీత మర్చిపోకూడదు. 200 క్వింటాళ్లతో ఆ ఏడాది నష్టమే. అలాంటప్పుడు షెడ్డు, మేనేజర్ ఖర్చు తగ్గించుకుని మొదలుపెట్టాలి, లేదా ఒక ఏడాది ఆగాలి.

నగదు బిగిసినప్పుడు ముందు ఆగేది కూలి. మేనేజర్‌ను కాయ ఇచ్చిన రైతు వచ్చి గట్టిగా అడుగుతాడు, ఆడవాళ్లు రేపిస్తాంలే అంటే సర్దుకుంటారు. వ్యాపారి కిలోకి 14 ఇచ్చినా, పిల్లాడికి జ్వరమొస్తే రాత్రికి రాత్రి 500 చేతిలో పెట్టేవాడు. మీరు 20 ఇచ్చి 25 రోజులకు ఇస్తే, ఆమె మధ్యలో చేబదులు తెచ్చుకుంటుంది, ఆ వడ్డీ మీ లెక్కలో ఎక్కడా కనిపించదు. కాబట్టి ‘పని చేసిన రోజు నుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఎన్ని రోజులు’ అన్నది ఇంపాక్ట్ కొలతల్లో తప్పనిసరిగా ఉండాలి. ఇది నగదు ఇబ్బందిని కూడా బ్యాంకు పాస్‌బుక్ కంటే ముందే పసిగడుతుంది. ఏడు రోజులున్నది పదకొండు అయిందంటే ఏదో బిగుసుకుంటోందని అర్థం.

7. నాలుగు కొలతలు చాలు, కానీ రాసేది పని జరిగే చోటే

ఇరవై సూచికలు పెట్టిన ప్లాన్లలో ఒక్కటీ సరిగ్గా నిండదు. ఈ పనికి నాలుగు సరిపోతాయి: ఒక్కొక్కరి నికర అదనపు ఆదాయం, డబ్బు చేరడానికి పట్టిన రోజులు, క్వింటా కాయకు వచ్చిన పండు, సంఘంలో భూమి లేనివాళ్లు, ఒంటరి మహిళలు కొట్టిన కిలోల వాటా. నాలుగోది ఎందుకంటే, సీజన్ మధ్యకొచ్చేసరికి షెడ్డు దగ్గర ఇల్లున్నవాళ్లు, చేతిలో కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లు ఎక్కువ కాయ తీసుకుంటారు. సగటు 500 కిలోలే ఉంటుంది, కానీ ఒకరు 900, ఒకరు 150. సగటు చూసి మోసపోకండి, ప్రతి రెండు వారాలకూ అట్టడుగున ఉన్న పదిమంది పేర్లు చదవండి.

వీటికి విడిగా సర్వే అక్కర్లేదు. కార్బన్ కాగితం పెట్టి రాసే తూకం చీటీ చాలు. తేదీ, పేరు, ఇచ్చిన కాయ, తెచ్చిన పండు, తెచ్చిన గింజ, డబ్బిచ్చిన తేదీ. ఒక చీటీ ఆమె దగ్గర, ఒకటి సంఘం దగ్గర. మొదటి మూడు కొలతలకూ కావాల్సినవి ఇందులోనే ఉన్నాయి. గింజ తూకం ఎందుకని కొందరు అడుగుతారు. కాయ 100, పండు 46, గింజ 38 వచ్చిందంటే గింజకు పండు ఇంకా అంటుకుని ఉందని అర్థం, కొట్టే పద్ధతి చూపించాలి. పండు 46, గింజ 30 అయితే కాయే పచ్చిది, తప్పు కొన్నవాళ్లది. ఈ తేడా తెలియకపోతే పచ్చి కాయ కొన్న పాపం కూడా ఆడవాళ్ల మీదే పడుతుంది.

ఇక పక్క ఊరి ఎనిమిది, పది మంది సంగతి. మీరు 20 ఇవ్వడం మొదలుపెట్టగానే వ్యాపారి మనుషులు జారిపోకుండా పక్క ఊళ్లో 14ను 17 చేస్తాడు. అప్పుడు మీ సభ్యురాలు అతని దగ్గర ఉండి ఉంటే 5,250 కాదు, 6,375 వచ్చేది. మీ నికర అదనం 2,750 నుంచి 1,625కు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ పక్క ఊళ్లో ప్రతి ఒక్కరికీ 1,125 పెరిగింది. అది మీ సంఘం వల్లా, ఆ ఏడాది ధరలే పెరగడం వల్లా అన్నది తేల్చాలంటే, మీ మార్కెట్‌కు దూరంగా ఇంకో ఊరి రేటు కూడా అడిగి చూడాలి. అక్కడా 17 అయితే ధరల వల్ల, అక్కడ 14 దగ్గరే ఉంటే మీ వల్ల అనుకోవడానికి ఆధారం ఉంది. ప్లాన్‌లో రెండు అంకెలూ రాయండి. పెద్దగా కనిపించేది ఒక్కటే రాసి రెండోది దాచకండి.

8. గ్రాంటును ఆదాయంలో కలపకండి

నేను పనిచేసిన ఒక సంఘానికి ఒక దాతసంస్థ రెండేళ్లు మేనేజర్ జీతం ఇచ్చింది. అందుకని ప్లాన్‌లో ఆ జీతం ఖర్చుగా రాయలేదు. లెక్కల్లో మిగులు బ్రహ్మాండంగా కనిపించింది, దాన్ని చూసి కూలి పెంచాం. మూడో ఏడు జీతం ఆగింది. పెంచిన కూలి తగ్గించలేక, మేనేజర్‌ను పెట్టుకోలేక సగం సీజన్‌లో కొనుగోలు ఆపేశారు. ఆ ఏడాది మహిళలు మళ్లీ వ్యాపారి దగ్గరికే వెళ్లారు, ఈసారి అతను ముందు తన మనుషులకే పనిచ్చాడు.

మన ఉదాహరణలో చూస్తే, 1,80,000 జీతం దాత ఇస్తే మిగులు 3,04,000గా కనిపిస్తుంది. ఆ లెక్కన కిలోకి 35 కూలి ఇచ్చినా సరిపోతుంది అనిపిస్తుంది. అది అబద్ధం. కాబట్టి ప్లాన్‌లో మిగులును రెండు వరసల్లో చూపండి: గ్రాంటు లేకుండా ఎంత, గ్రాంటుతో ఎంత. కూలి, కాయ ధర, బోనస్ నిర్ణయాలన్నీ మొదటి వరస చూసే చేయాలి. సామాన్లు సబ్సిడీలో వచ్చినా అరుగుదల 50,000 ఖర్చుగా వేయండి, ఎనిమిదేళ్లకు ప్రెస్ పాడైతే మళ్లీ సబ్సిడీ వస్తుందని ఎవరూ రాసివ్వలేదు. గ్రాంటు డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. మొదటి ఏడాది కాయ ఎంచడం నేర్పడానికి, వేళ్లు పగలకుండా కొట్టే పీటలు, చేతి తొడుగులు ప్రయత్నించి చూడడానికి, ధర పడిన ఏడాదికి నిల్వగా ఉంచడానికి. ఇవి ఒకసారి అయ్యే ఖర్చులు, ఆగిపోయినా సంఘం కూలిపోదు.

9. ఆగాల్సిన గీతలు ముందే రాసి సంతకాలు పెట్టించండి

సీజన్ మధ్యలో అందరూ అలసిపోయి ఉంటారు, లారీలు వస్తుంటాయి, అప్పుడు తీసుకునే నిర్ణయాలు సరిగ్గా ఉండవు. అందుకే జనవరిలోనే నిబంధనలు తీర్మానం పుస్తకంలో రాసుకోవాలి. ప్లాన్ ఆఖరి పేజీగా అదే జతచేయండి. మన సంఘానికి నేనైతే ఇలా రాస్తాను:

వరసగా రెండు వారాలు క్వింటాకు పండు 48 కిలోల కంటే తగ్గితే, కారణం తేలేదాకా కొత్త కాయ కొనకూడదు. కూలి పది రోజులు దాటి బకాయి పడితే, ఆ బకాయి తీరేదాకా రైతు దగ్గర కొత్త కాయ కొనకూడదు. మార్చి నెలాఖరుకు యార్డులో మన రకం పండు ధర 110 కంటే కింద ఉంటే, దాచే సరుకు 14 టన్నుల నుంచి 8కి తగ్గించి, అప్పు కూడా ఆ మేరకు ముందే కట్టేయాలి. బోనస్ మీద నవంబరు 15 లోపు నిర్ణయం, ముందు కిలోకి 2 రూపాయల చొప్పున నిల్వకు తీసి, మిగిలింది కొట్టిన కిలోల లెక్కన. రెండు సీజన్లు వరసగా గ్రాంటు లేని మిగులు సున్నా కంటే కిందికి పోతే, మూడో సీజన్‌కు సొంత కొనుగోలు ఆపి, వ్యాపారికే సంఘంగా కలిసి కూలి రేటు మాట్లాడుకోవాలి.

ఆ చివరి నిబంధన రాయడానికి చాలామంది ఒప్పుకోరు, ఓటమిలా కనిపిస్తుంది. కానీ ఆ ఊరి ఆడవాళ్లకు 14 బదులు 18 రావడమే మీ లక్ష్యమైతే, షెడ్డూ అప్పూ లేకుండా నలభై మంది ఒక్క మాట మీద నిలబడి తెచ్చుకున్న 18 కూడా లెక్కలోకి వస్తుంది. ఆ దారిని కూడా పట్టిక కింద ఒక వరసగా రాయండి: కూలి 18, వ్యాపారి ఇచ్చే 375 కిలోలకు 6,750, ఉపాధి పని 2,000 అలాగే ఉంటుంది, నికర అదనం 1,500, సంఘం మిగులు సున్నా, అప్పు సున్నా. పై నాలుగు వరసలను దీనితో పోల్చి చూశాకే అప్పు కాగితం మీద సంతకం పెట్టండి.